చిలక నోటు

రెండో తరగతి గదిలో వెనక గోడ పక్కన ఒక బల్ల ఉంది. ఏడాదిలో చాలా కాలం దాని మీద గొడుగులు, నీళ్ళ సీసాలు ఉంటాయి. వానలు తగ్గాక టీచరు దాన్ని తుడిచి కొట్టు పెడుతుంది. పైన గోడ అరల్లో ఖాళీ సబ్బు పెట్టెలు, పళ్ళపేస్టు అట్టలు, చిత్తుకాగితం కుక్కి మూతి అంటించిన బిస్కెట్ పొట్లాలు. ఒక్కోదాని మీద ధర రాసిన చీటీ. బల్ల మీద ఒక రేకు డబ్బా. అదే గల్లా.

ఆమెను బడిలో అందరూ కొట్టు టీచరు అంటారు. ఎత్తిపొడుపుగా పుట్టిన పేరు. వాడగా వాడగా ములుకు అరిగిపోయి పేరు మిగిలింది. భర్త మాత్రం నెలాఖరు వచ్చేసరికి, మీ కొట్లోంచి ఏమైనా సర్దుతావా అని అడుగుతాడు. ఆమె తల ఎత్తదు. అట్ట కత్తిరిస్తూనే ఉంటుంది.

ఏడేళ్ళ పిల్లలకి రెండు బిళ్ళలు ఒక నోటు కంటే ఎక్కువ. పెద్ద బిళ్ళ చిన్న బిళ్ళ కంటే ఎక్కువ. కంటికి కనిపించేది అదే కాబట్టి కాదని చెబితే తల ఊపుతారు, నమ్మరు. అందుకని మొదట కొట్లో ఏదీ అమ్మదు. నిజం బిళ్ళల మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్దిస్తుంది. అచ్చు తేలిన కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి అట్టకి అంటించమంటుంది. తరవాత మార్పిడి. ఒక అయిదు రూపాయల బిళ్ళ ఇచ్చి అయిదు ఒకట్లు తీసుకోవాలి. అయిదు ఒకట్లు ఇచ్చి అయిదు బిళ్ళ తీసుకోవాలి. విసుగు పుట్టేదాకా అదే పని. విసుగు పుట్టిందంటే చేతికి నమ్మకం కుదిరిందని ఆమె లెక్క. ఆ తరవాతే సరిగ్గా ధర ఎంతో అంత ఇచ్చి కొనడం. చివర, చిల్లర.

చిల్లరకి తీసివేత నేర్పదు. కొట్టువాళ్ళు చేసినట్టే చేయిస్తుంది. వస్తువు ఆరు, ఇచ్చింది పది. ఆరు అని మొదలుపెట్టి ఒక రెండు రూపాయల బిళ్ళ పెట్టు, ఎనిమిది. ఇంకో రెండు బిళ్ళ పెట్టు, పది. పది వచ్చాక ఆగు. బల్ల మీద పడ్డదే చిల్లర.

నోట్ల విషయంలో ఆమెకి ఒక పట్టుదల ఉంది. మొదటి ఏళ్ళలో అన్నీ ఒకే కొలతకి కోసేది. అసలు నోట్లు అలా ఉండవు. విలువ పెరిగేకొద్దీ కాస్త పొడుగు పెరుగుతుంది, రంగు మారుతుంది. పిల్లలు అంకె కంటే ముందు పట్టుకునేవి ఆ రెండే. అందుకని ఈ ఏడు నిజం నోటు కింద పెట్టి, దాని అంచు వెంట గీత గీసి, గీత మీద కత్తెర నడిపింది. రంగు కూడా దగ్గర దగ్గరగా వేసింది. మధ్యలో తలకాయ ఉండవలసిన చోట చిలక బొమ్మ. చిలకని చూసి ఎవరు మోసపోతారు అనుకుంది.

డ్రాయింగు కాగితం, మొదట్లో అప్పడంలా పెళుసుగా ఉండేది. పిల్లల చేతులకి చెమట. జేబుల్లో మడతలు. కొట్టు నడిచేకొద్దీ నోట్లు మెత్తబడి గుడ్డలా అయ్యాయి. టీచరు అది చూసి సంతోషించింది. ఆట బాగా సాగుతోందని.

ఒక సాయంత్రం, పిల్లలు వెళ్ళాక, డబ్బా బల్ల మీద ఒంపింది. అట్ట బిళ్ళల్లో ఏదో గలగలమంది. అట్ట గలగలమనదు. వేలితో కెలికితే రెండు నిజం బిళ్ళలు. రెండూ రెండు రూపాయలవే. తలెత్తి అరల వంక చూసింది. ఖాళీ పెట్టెల మధ్య ఒక కొత్త రబ్బరు, పైన మెరుపు కాగితం చించకుండా, నిటారుగా నిలబెట్టి ఉంది.

మర్నాడు ముందు పళ్ళు ఊడిన పిల్ల లేచి నిలబడి తనే చెప్పింది. నోటు జేబులో ఉండిపోయిందట. దారిలో చిల్లర బామ్మ కొట్లో రబ్బరు అడిగిందట. బామ్మ నోటు తీసుకుని చిల్లర ఇచ్చింది. ఆట అయ్యాక డబ్బంతా డబ్బాలో, సరుకంతా అరలో పెట్టాలి కదా, పెట్టేసింది.

"లెక్క సరిపోయింది టీచర్. ఆరు, ఎనిమిది, పది. నేను చూసుకునే తీసుకున్నా."

ఆ పిల్ల మెచ్చుకోలు కోసం నిలబడి ఉంది. ఇన్నాళ్ళుగా ఇది పది, ఇది పది అని చెప్పింది టీచరే. కూర్చోమంది. ఇంకెవరైనా బామ్మ కొట్లో చిలక నోటు ఇచ్చారా అని అడిగింది. ఇద్దరు బల్లల వంక చూశారు. ఒకడు మెల్లిగా, తను చాక్లెట్లు కొన్నాననీ అవి అరలో పెట్టడం కుదరలేదనీ చెప్పాడు. ఎందుకని అంటే, తినేశాను అన్నాడు. గది నవ్వింది. టీచరు నవ్వలేదు.

చిల్లర బామ్మ కొట్టు బడి గోడ మలుపులో ఉంది. ముందు చెక్క తలుపులు, లోపల ఒక్క మనిషి పట్టేంత చోటు. పెన్సిళ్ళు, రబ్బర్లు, సూదులు, దారం, తలనొప్పి మాత్రలు, చాక్లెట్లు. చిల్లర లేదు అనే మాట ఆమె నోట రాదు. చిల్లరకి బదులు చాక్లెట్ అంటగట్టదు. అందుకే ఆ పేరు. భర్త పోయాక కొట్టు తనే చూసుకుంది. కొడుకుని దాంతోనే పెంచింది. అతను ఇప్పుడు బస్సు డ్రైవరు. పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వస్తాడు. వచ్చి గల్లా చూస్తాడు.

ఆమె కళ్ళ సంగతి వీధిలో కొంతమందికి తెలుసు, పూర్తిగా ఎవరికీ తెలియదు. చూపు మధ్యలో మసక. అంచుల్లో కనిపిస్తుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. ఆపరేషను పనికిరాదన్నారు డాక్టరు. సరుకు ఎక్కడిదక్కడ ఉంటుంది కాబట్టి కొట్టు నడుస్తోంది. బిళ్ళల్ని వేలికొస పడుతుంది. నోటుని మాత్రం రంగు, పొడుగు, మెత్తదనం చూసి పట్టేది. ఆ మూడూ చిలక నోటుకి ఉన్నాయి.

టీచరు ఆ సాయంత్రం నిజం నోట్లు తీసుకుని వెళ్ళింది. బామ్మ ఒక్కతీ ఉంటే చెప్పాలని, కొడుకు రాకముందే. కాని అతను ఆ రోజు ముందే వచ్చాడు. బామ్మ స్టూలు మీద గోడకి చేరగిలి ఉంది. కొడుకు బల్లకి ఇవతల నిలబడ్డాడు, కొనడానికి వచ్చినవాడిలా. బల్లకి పరిచిన అద్దం మీద చిలక నోట్లు మూడు, పక్కపక్కన పరిచి ఉన్నాయి.

"రండి టీచరుగారూ" అన్నాడు. "మీ బ్యాంకు నోట్లు మా దాకా వచ్చాయి. బొమ్మ బాగా వేశారు. ముక్కు కూడా వంకర తిరిగింది."

తప్పు తనదని టీచరు చెప్పింది. పిల్లలు దొంగతనంగా చేయలేదని చెప్పింది. డబ్బు అద్దం మీద పెట్టింది. అతను దాన్ని తాకలేదు. డబ్బు కోసం కాదన్నాడు. అతని గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. పోయిన వారం అమ్మ ఎవరికో ఇరవైకి బదులు యాభై తిరిగి ఇచ్చేసింది, ఆ మనిషి మంచివాడు కాబట్టి తెచ్చి ఇచ్చాడు. తేనివాళ్ళు ఎంతమందో. ఈ నెలాఖరుకి తలుపులు వేసేస్తానన్నాడు. చోటు అడిగేవాళ్ళు ఉన్నారు. అమ్మ ఇంట్లో కూర్చుంటే తనకి స్టీరింగు ముందు మనసు కుదురుగా ఉంటుంది.

"ఇంట్లో కూర్చుని ఏం చేయన్రా?" అంది బామ్మ.

"అందరూ ఏం చేస్తారో అది."

"అందరూ ఏం చేస్తారు?"

బామ్మ చేత్తో అద్దం తడిమి, ఒక చిలక నోటు అందుకుని బొటనవేలితో రుద్దింది. చాలాసేపు రుద్దింది. తరవాత టీచరు ఉన్న వైపు, కాస్త పక్కకి, ముఖం తిప్పింది.

"మాటలో గాలిపోయే ఆ పళ్ళులేని పిల్లని ఏం అనకు అమ్మాయ్. చిల్లర ఇస్తే బిళ్ళ బిళ్ళా నోటితో చదివి తీసుకుంది. అట్లా తీసుకునేవాళ్ళు పెద్దాళ్ళలోనే లేరు."

టీచరు ఇంటికి వచ్చింది. అన్నం వడ్డించి తను తినడం మరిచిపోయింది. భర్త ఈసారి కొట్టు మాట ఎత్తలేదు. తన కత్తెర ఒక ముసలామె కొట్టుని కోసిందని ఆమెకి అనిపించింది. ఇది కాకపోతే కొట్టు మూయడానికి ఇంకో సాకు దొరికేదేమో కొడుక్కి. కాని దొరికింది చిలక.

తరగతిలో పిల్లలు నోట్లని పొడుగు చూసి పేరుస్తారు. ఎడమ అంచులన్నీ కలిపి దొంతర పెడితే కుడి వైపు మెట్లు మెట్లుగా వస్తుంది. ఆ మెట్లు చూస్తూ ఉండగా ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. మందపాటి అట్ట ముక్క తీసుకుంది. ఒక కొసన చిన్న గోడలా మరో ముక్క అంటించింది. నోటు ఆ గోడకి ఆనించి పరిస్తే రెండో కొస ఎక్కడికి వస్తుందో అక్కడ అట్టకి గంటు పెట్టింది. పదికి ఒక గంటు. ఇరవైకి కాస్త అవతల రెండు. యాభైకి ఇంకా అవతల మూడు. కళ్ళు మూసుకుని వేళ్ళతో చూసింది. తప్పు పోలేదు.

కొడుకు బస్సు మీద ఉన్న వేళ బామ్మకి అది ఇచ్చింది. బామ్మ మొదట దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఈ వయసులో నాకు పలకా బలపమా అంది. తరవాత గల్లాలోంచి నోట్లు తీసి ఒకటొకటే పరిచింది. గంట్లు తడిమింది. పది అంది. యాభై అంది. ఇరవై అంది. టీచరు ప్రతిసారీ ఊఁ అంటోంది. బామ్మకి ఊపు వచ్చింది. ఎవరో దారం ఉండ అడిగితే నోటు అట్ట మీద పరిచి, వాళ్ళు చూస్తుండగానే తడిమి, చిల్లర పైకి లెక్కపెట్టి ఇచ్చింది. వాళ్ళు వెళ్ళాక నవ్వింది.

"వాడికి చూపిద్దాం. ఒప్పుకుంటాడు."

టీచరుకి కూడా ఒప్పుకుంటాడనే అనిపించింది. కొన్ని రోజులు బామ్మ అదే సాధన. తరగతిలో మార్పిడి చేసే పిల్లల్లాగే, విసుగు పుట్టేదాకా.

కొడుకు చూడటానికి ఒప్పుకున్నాడు. వెక్కిరించలేదు. ఒక సాయంత్రం టీచరు కూడా వచ్చింది. అతను జేబులోంచి నోట్లు తీసి కలిపి, ఒకటొకటే తల్లి చేతిలో పెట్టాడు. యాభై. అవును. పది. అవును. ఇరవై. అవును. అతని ముఖంలో ముడి కొంచెం వదులైంది. ఇంకొకటి పెట్టాడు. బామ్మ గోడకి ఆనించింది, పరిచింది, కొస తడిమింది. గంటు ఒకటే తగిలింది.

"పది" అంది.

కొడుకు అవును అనలేదు. టీచరు చూసింది. నోటు మధ్యలో చిలక.

అవును రాకపోయేసరికి బామ్మకి అర్థమైంది. నోటుని మళ్ళీ తడిమింది, ఈసారి అంతా, నాలుగు మూలలా. పొడుగు సరిగ్గా ఉంది. సరిగ్గా ఉండేలా కోసింది ఎవరో అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

"నేను మోసం చేశాననుకుంటావేమో" అన్నాడు కొడుకు. "చేశాను. రేపు ఎవడో చేస్తాడు. వాడు నాలా చెప్పడు."

బామ్మ అట్ట ముక్కని మడవబోయింది. అది మడత పడలేదు. పక్కన పెట్టింది.

టీచరు అప్పుడు ఒక మాట అంది. తరగతిలో ఉన్న నోట్లన్నిటికీ ఒక మూల కత్తిరిస్తానంది. వేలికి తెలుస్తుంది. ఇంక ఏ పిల్లా పొరపాటున కూడా ఇవ్వడం కుదరదు. కొడుకు ఆమె వంక జాలిగా చూశాడు. ఊళ్ళో దొంగ నోట్లన్నీ మీ తరగతిలోనే తయారవుతాయా టీచరుగారూ అన్నాడు.

అతను తలుపు చెక్కలు ఒకటొకటిగా దించడం మొదలుపెట్టాడు. ఆఖరి చెక్క చేతిలో ఉండగా బామ్మ పిలిచింది. గల్లాలో బిళ్ళలున్న గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఉంది. గుప్పెడు తీసి అద్దం మీద పోసింది. చూడకుండా, ఒక్కో బిళ్ళనీ అంచు పట్టుకుని తిప్పి, ఒకటి అంది, అయిదు అంది, రెండు అంది. పోసినవన్నీ అంది. ఎక్కడా ఆగలేదు.

"మొన్న ఒకడు అట్ట బిళ్ళ ఇచ్చాడు. వేలికి తగలగానే నవ్వొచ్చింది. చెవి మెలిపెట్టి పంపాను" అంది. "నోట్లు తీసుకోనురా. బిళ్ళలే. నోటుతో వచ్చినవాళ్ళని సాయంత్రం రమ్మంటాను. నువ్వుండు, లేదా కోడలుంటుంది."

"బిళ్ళలతో ఎవరొస్తారమ్మా ఈ రోజుల్లో? పిల్లలు తప్ప."

"పిల్లలే రానీ."

అతను చెక్క పట్టుకుని నిలబడ్డాడు. అది బరువైన చెక్క. దించితే ఒక పని అయిపోతుంది. దించలేదు, గోడకి ఆనించాడు. కొత్త సంవత్సరం దాకా చూస్తానన్నాడు. అప్పటికి సరుకు డబ్బు రాకపోతే మాట్లాడొద్దన్నాడు. బామ్మ సరేనంది.

టీచరు నోట్ల మూలలు కత్తిరించింది. పిల్లలు ఎందుకని అడిగారు. ఇవి మన కొట్లోనే చెల్లుతాయి, బయట చెల్లవు అని చెప్పింది. ఈ మాట మొదటి రోజే చెప్పవలసింది. పళ్ళు ఊడిన పిల్ల కత్తిరించిన మూలల్ని ఏరి గుప్పిట్లో పెట్టుకుంది. ఇవెంత టీచర్ అని అడిగింది. ఏమీ కాదు అంది టీచరు. ఆ పిల్ల నమ్మలేదు. కొత్త రబ్బరు అరలోంచి పిల్ల చేతికి వచ్చింది, దాని ధర టీచరు బామ్మ కొట్లో ముందే ఇచ్చింది కాబట్టి.

బామ్మ కొట్టు ముందు ఇప్పుడు ఒక అట్ట వేలాడుతోంది, పగలు బిళ్ళలు మాత్రమే అని. టీచరే రాసింది. సూదులకీ మాత్రలకీ వచ్చే పెద్దవాళ్ళు అది చదివి, జేబు తడుముకుని, ఎదురు వీధిలోకి నడుస్తున్నారు. అరలో తలనొప్పి మాత్రల పెట్టె మీద దుమ్ము కనిపిస్తోంది. చాక్లెట్ల సీసా మాత్రం ఖాళీ అవుతోంది. అందులో లాభం ఎంతని, కొడుకు రోజూ అడుగుతున్నాడు.

వారం చివర టీచరు ఒక పెన్సిలు అడిగింది. ఆమెకి పెన్సిలు అవసరం లేదు. అది బామ్మకి తెలుసు.

"నాదీ ఆట కొట్టే అయిపోయింది కదమ్మాయ్" అంది బామ్మ. నవ్వుతూనే అంది.

టీచరు అయిదు బిళ్ళ ఇచ్చింది. పెన్సిలు మూడు. బామ్మ గిన్నెలో చెయ్యి పెట్టి ఒక బిళ్ళ తీసింది. అంచు పట్టుకుని తిప్పింది. మళ్ళీ తిప్పింది. చలికాలం, వేళ్ళు బిగుసుకున్నాయేమో. బిళ్ళ అద్దం మీద పడ్డాక బామ్మ పైకి లెక్కపెట్టింది.

"మూడు" అంది. బిళ్ళ మీద వేలు ఆనించింది. "అయిదు."

సరిపోయింది. టీచరు ఊఁ అంది. ఆ ఊఁ కోసం బామ్మ ఎదురుచూసిందని అప్పుడు తెలిసింది.